పద్యాలలోని ఆట పట్టికలోకి
వలెన్సియా కవుల చదరంగం

సుమారు 1475లో, నేటి స్పెయిను దేశపు తూర్పు తీరాన ఉన్న వలెన్సియా నగరంలో ముగ్గురు కవులు కలసి కటలాన్ భాషలో ఒక కావ్యం వ్రాసినారు. దాని పేరు ‘స్కాక్స్ ద అమోర్’, అనగా ప్రేమ చదరంగం. కవుల పేర్లు ఫ్రన్సీ ద కస్తెల్వీ, నర్సీస్ విన్యోలెస్, బెర్నాత్ ఫెనొల్యార్. పైకి చూస్తే అది ఒక ప్రణయ గాథ. కస్తెల్వీ అంగారకుని పక్షాన, విన్యోలెస్ శుక్రదేవత పక్షాన పావులు నడుపుతారు. ఫెనొల్యార్ మధ్యవర్తి. కాని ఆ పద్యాల వెనుక మొదటి ఎత్తు నుండి ఆటకట్టు వరకు ఒక పూర్తి చదరంగపు ఆట దాగి ఉన్నది.

ఆ కాలంలో ఐరోపాలో ఎత్తులను అంకెలు వేసి రెండు వరుసలలో వ్రాసే వాడుక లేదు. ఏ పావు ఎక్కడికి పోయినదో వాక్యాలలోనే చెప్పేవారు. ఆ వాక్యాలను పట్టికగా మార్చడం ఎట్లా?

మొదటి పని లెక్క. కావ్యంలో పద్యాలు 64. చదరంగపు గడులు కూడ అన్నే. మొదటి మూడు పద్యాలు ఉపోద్ఘాతం. తరువాత మూడేసి పద్యాలు ఒక జట్టుగా నడుస్తవి. జట్టులో మొదటిది కస్తెల్వీ ఎత్తు, రెండవది విన్యోలెస్ ఎత్తు, మూడవది ఫెనొల్యార్ వ్యాఖ్య. ఉపోద్ఘాతం పోగా మిగిలినవి 61. వాటిని మూడు చేత భాగిస్తే 20 జట్లు వచ్చి, ఒక పద్యం మిగులుతుంది. కనుక పట్టికలో 20 నిండు వరుసలు, 21వ వరుసలో మొదటి ఆటగాని ఎత్తు మాత్రమే ఉండవలె. ఇంకా ఒక్క ఎత్తయినా వ్రాయకముందే పట్టిక ఆకారం ఈ విధంగా తేలిపోయినది.

రెండవ పని రంగులు. కావ్యంలోని పక్షాలు ఎరుపు, ఆకుపచ్చ. పట్టికలో ‘తెలుపు’ అనగా ముందు ఆడినవాడు అని మాత్రమే అర్థం. కనుక కస్తెల్వీ ఎత్తులు తెలుపు గడిలోకి, విన్యోలెస్ ఎత్తులు నలుపు గడిలోకి వస్తవి.

మూడవ పని గడులకు పేర్లు పెట్టడం. అలెప్పో నగరవాసి ఫిలిప్ స్తమ్మా 1737లో పారిసులో ప్రచురించిన గ్రంథంలో అక్షరమూ అంకె కలిపి గడులను గుర్తించినాడు. నేటి పద్ధతికి అదే పూర్వరూపం. తెలుపు ఆటగాని ఎడమ నుండి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అతని వైపు నుండి అడ్డు వరుసలు 1 మొదలు 8 వరకు. తెల్ల రాజు ఇ1లో, నల్ల రాజు ఇ8లో నిలుస్తారు.

ఇక వాక్యాలను విడదీయవలె. పద్యాలలోని అలంకారాలు తీసివేస్తే మొదటి రెండు జట్ల సారం ఇది: “రాజు ముందరి బంటు రెండు గడులు నడచినది. ఎదుటివాని మంత్రి ముందరి బంటు కూడ అట్లే నడచినది. తెల్ల బంటు దానిని చంపినది. నల్ల మంత్రి వచ్చి ఆ బంటును చంపినాడు.” ఐరోపావారు రాణి అనే పావే మన మంత్రి. “దానిని”, “ఆ బంటును” అనే మాటలలో గడి పేరు లేదు. పలక మీద పావులు పెట్టి చూస్తే రెండు చోట్లా ఆ గడి డి5 అని తెలుస్తుంది. ప్రతి వాక్యానికీ ఇట్లాగే పావు, చేరిన గడి, చంపినదా లేదా అన్న మూడు అంశాలు రాబట్టి వరుసలో చేర్చవలె. పట్టికలో × గుర్తు చంపుటను తెలుపుతుంది.

| సంఖ్య | తెలుపు | నలుపు |
|---|---|---|
| 1 | బంటు ఇ4 | బంటు డి5 |
| 2 | బంటు × డి5 | మంత్రి × డి5 |
| 3 | గుర్రం సి3 | మంత్రి డి8 |
| 4 | శకటు సి4 | గుర్రం ఎఫ్6 |
| 5 | గుర్రం ఎఫ్3 | శకటు జి4 |
| 6 | బంటు హెచ్3 | శకటు × ఎఫ్3 |
| 7 | మంత్రి × ఎఫ్3 | బంటు ఇ6 |
| 8 | మంత్రి × బి7 | గుర్రం డి7 |
| 9 | గుర్రం బి5 | ఏనుగు సి8 |
| 10 | గుర్రం × ఎ7 | గుర్రం బి6 |
| 11 | గుర్రం × సి8 | గుర్రం × సి8 |
| 12 | బంటు డి4 | గుర్రం డి6 |
| 13 | శకటు బి5 | గుర్రం × బి5 |
| 14 | మంత్రి × బి5 | గుర్రం డి7 |
| 15 | బంటు డి5 | బంటు × డి5 |
| 16 | శకటు ఇ3 | శకటు డి6 |
| 17 | ఏనుగు డి1 | మంత్రి ఎఫ్6 |
| 18 | ఏనుగు × డి5 | మంత్రి జి6 |
| 19 | శకటు ఎఫ్4 | శకటు × ఎఫ్4 |
| 20 | మంత్రి × డి7 | రాజు ఎఫ్8 |
| 21 | మంత్రి డి8, ఆటకట్టు | |

ఇట్టి పని చేసేటప్పుడు ఒక వాక్యం జారిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అప్పుడు ఆ తరువాతి ఎత్తులన్నీ పక్క గడిలోకి జరిగి తెలుపు నలుపు తారుమారవుతవి. కాని పలక దీనిని దాచనివ్వదు. రెండవ వరుసలో తెల్లవాని ఎత్తు వదలివేసినారనుకొందాం. అప్పుడు నల్ల మంత్రి డి5లో చంపవలసిన తెల్ల బంటు అక్కడ లేదు. అక్కడ ఉన్నది అతని సొంత బంటే! ఇట్లు జరగరాని ఎత్తు ఎదురైనప్పుడు తప్పు అక్కడే ఉన్నదని అనుకోరాదు. అంతకు ముందు వరుసలను కూడ వెనుకకు చూడవలె.

రెండవ చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఎనిమిదవ వరుసలో నల్ల గుర్రం డి7కు వచ్చినది. అప్పుడు నలుపుకు రెండు గుర్రాలున్నవి, ఒకటి బి8లో, ఒకటి ఎఫ్6లో. రెండూ డి7కు రాగలవు. “గుర్రం డి7” అన్నంత మాత్రాన ఏదో తేలదు. జవాబు తరువాతి వరుసలో ఉన్నది. తొమ్మిదవ ఎత్తులో నల్ల ఏనుగు సి8కు వస్తుంది. ఆ గడికి ఎ8లోని ఏనుగు మాత్రమే రాగలదు. రెండవ ఏనుగుకు తన శకటు, రాజు, మంత్రి అడ్డంగా ఉన్నారు. ఎ8 నుండి సి8కు పోవాలంటే మధ్యనున్న బి8 ఖాళీ కావలె, ఏనుగు మరొక పావు మీదుగా దూకదు గదా. కనుక అంతకు ముందు కదలినది బి8లోని గుర్రమే. ఒక వరుసలోని సందేహాన్ని దాని తరువాతి వరుస తీర్చినది.

చివరి వరుసను కూడ పలక మీద సరిచూడవచ్చు. 20వ ఎత్తులో డి7లోని తెల్ల మంత్రికి డి5లోని ఏనుగు అండగా ఉన్నది. కనుక రాజు దానిని చంపలేక ఎఫ్8కు పోయినాడు. డి8కు వచ్చిన మంత్రి అతనిని అక్కడ పట్టుకొన్నది. ఎఫ్7, జి7 గడులలో అతని బంట్లే దారి మూసినవి. ఇ7, ఇ8 గడులు మంత్రి వశంలో ఉన్నవి. జి8కు జరిగినా అదే అడ్డు వరుసలో దాడి తప్పదు. మధ్యనున్న ఇ8లో అడ్డు పెట్టగల నల్ల పావు ఒకటీ లేదు. నలుపు గడి ఖాళీగా ఉండటానికి కారణం ఇదే. పద్యాల లెక్క చెప్పిన 21వ వరుసతో ఇది సరిపోయినది.

పట్టిక సిద్ధమైన తరువాత పద్యాలలో తేలికగా కంటబడని ఒక చారిత్రక సత్యం బయటపడుతుంది. పాత చదరంగంలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచేవాడు. శకటు మూలగా సరిగా రెండవ గడికి దూకేది. ఈ పట్టికలో రెండవ వరుసనే నల్ల మంత్రి డి8 నుండి డి5కు నిలువుగా మూడు గడులు వచ్చినాడు. నాలుగవ వరుసలో తెల్ల శకటు ఎఫ్1 నుండి సి4కు మూలగా మూడు గడులు సాగినది. ఎనిమిదవ వరుసలో తెల్ల మంత్రి ఎఫ్3 నుండి బి7కు మూలగా నాలుగు గడులు పోయినాడు. పాత నియమాల ప్రకారం ఈ మూడింటిలో ఒక్కటీ చెల్లదు. అనగా ఈ కవులకు నేటి మంత్రి, నేటి శకటు తెలుసును. అందుచేతనే కొత్త నియమాలతో నడచిన ఆటలలో లభించినవాటిలోకెల్ల ప్రాచీనమైనదిగా దీనిని సాధారణంగా పరిగణిస్తారు.

అయితే పట్టిక చెప్పలేనిది కూడ ఒకటున్నది. ఎత్తులన్నీ నియమానుసారంగా ఉన్నంత మాత్రాన ఇద్దరు కవులు నిజంగా పలక ముందు కూర్చుండి ఈ ఆట ఆడినారని రుజువు కాదు. ఉపోద్ఘాతంతో కలిపి సరిగా 64 పద్యాలలో ఆట ముగియడం చూస్తే, కావ్యం కొరకే దీనిని కూర్చి ఉండవచ్చుననిపిస్తుంది.