ద్రవ్యత్వాభిరుచి – వడ్డీరేటు: 2016 నోట్ల రద్దు నుంచి ఒక పాఠం

పరిచయం

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. చలామణిలో ఉన్న నోట్ల విలువలో ఇవి దాదాపు 86 శాతం. ఇతర ప్రాంతాల్లాగే గోదావరిఖని, రామగుండంలో కూడా బ్యాంకుల ముందు బారులు తీరాయి. సింగరేణి కార్మికుని జీతం ఖాతాలో పడుతుంది. కానీ బజారులో కూరగాయలకు, ఆటోకు, ఇంటి అద్దెకు నోట్లే కావాలి. ఈ సంఘటన ఆధారంగా ప్రజలు ద్రవ్యాన్ని ఎందుకు దగ్గర ఉంచుకుంటారో, వడ్డీరేటు ఎలా నిర్ణయమవుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ద్రవ్యాన్ని ఉంచుకోవడానికి మూడు ఉద్దేశాలు

ద్రవ్యాన్ని దగ్గర ఉంచుకుంటే వడ్డీ రాదు. అయినా ప్రజలు దానిని కోరుకుంటారు. ఈ కోరికకే జె.ఎం. కీన్స్ 1936లో ద్రవ్యత్వాభిరుచి అని పేరు పెట్టి, మూడు ఉద్దేశాలు చూపాడు.

మొదటిది వ్యవహారాల ఉద్దేశం. ఒక గని కార్మికునికి నెలకు 40,000 రూపాయల జీతం వస్తుందని, అది నెలంతా సమానంగా ఖర్చవుతుందని అనుకోండి. ఒకటో తేదీన అతని దగ్గర 40,000 ఉంటాయి, నెలాఖరుకు ఏమీ ఉండదు. అంటే సగటున 20,000 రూపాయలు ద్రవ్యరూపంలో ఉన్నట్లు. అదే జీతం పదిహేను రోజులకొకసారి వస్తే ఈ సగటు 10,000కు తగ్గుతుంది.

రెండవది ముందు జాగ్రత్త ఉద్దేశం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా పాల్గొన్నారు. అలాంటి రోజులను చూసిన కుటుంబం కొంత డబ్బును కదిలించకుండా ఉంచుకుంటుంది.

మూడవది అంచనా వ్యాపార ఉద్దేశం. ఏటా 70 రూపాయలు ఇచ్చే శాశ్వత బాండు ధర 1,000 రూపాయలైతే వడ్డీరేటు 7 శాతం. రేటు 8 శాతానికి పెరిగితే ఆ 70 రూపాయల ఆదాయాన్ని 875 రూపాయలతోనే కొనవచ్చు కాబట్టి బాండు ధర 875కు పడిపోతుంది. అప్పుడు 70 రూపాయల వడ్డీ వచ్చినా ధరలో 125 రూపాయలు పోతాయి, నికరంగా 55 రూపాయల నష్టం. అందువల్ల రేటు పెరుగుతుందని భావించేవాడు బాండు కొనడు, ద్రవ్యాన్నే ఉంచుకుంటాడు. రేటు తక్కువగా ఉన్నప్పుడు ఇలా భావించేవారు ఎక్కువ. కనుక వడ్డీరేటు తగ్గేకొద్దీ ద్రవ్య డిమాండ్ పెరుగుతుంది.

వడ్డీరేటు నిర్ణయం

ద్రవ్య సప్లయి ప్రధానంగా కేంద్ర బ్యాంకు చేతిలో ఉంటుంది. సప్లయి కంటే డిమాండ్ ఎక్కువైతే ప్రజలు బాండ్లు అమ్మి ద్రవ్యం పొందాలని చూస్తారు. బాండ్ల ధర తగ్గి వడ్డీరేటు పెరుగుతుంది. రేటు పెరగగానే ద్రవ్య డిమాండ్ తగ్గి సప్లయితో సమానమవుతుంది. సప్లయి ఎక్కువైతే దీనికి విరుద్ధంగా జరుగుతుంది.

2016లో ఏం జరిగింది?

నోట్లు తగ్గాయి కాబట్టి వడ్డీరేటు పెరిగి ఉండాలని మీరు అనుకోవచ్చు. చలామణిలోని కరెన్సీ సుమారు 18 లక్షల కోట్ల రూపాయల నుంచి 2017 జనవరి మొదటికి 9 లక్షల కోట్ల దగ్గరకు పడిపోయింది. కానీ పదేళ్ల ప్రభుత్వ బాండుపై రాబడి 6.8 శాతం నుంచి నవంబరు చివరికి 6.2 శాతం సమీపానికి తగ్గింది.

దీనికి కారణం, ద్రవ్యం అంటే నోట్లు మాత్రమే కాదు, డిపాజిట్లు కూడా. పాత నోట్లు మాయం కాలేదు, డిపాజిట్లుగా మారాయి. విత్‌డ్రాయల్‌పై పరిమితులు ఉండటం వల్ల ఆ డబ్బు బ్యాంకుల్లోనే నిలిచిపోయింది. బ్యాంకులు దానితో బాండ్లు కొన్నాయి. వాటి ధర పెరిగి, రాబడి తగ్గింది. రిజర్వు బ్యాంకు ఈ అదనపు ద్రవ్యాన్ని పీల్చుకోవడానికి నవంబరు 26న, పెరిగిన డిపాజిట్లపై నూరు శాతం నగదు నిల్వను తాత్కాలికంగా విధించింది. రెపో రేటును మాత్రం డిసెంబరులో 6.25 శాతం వద్దే ఉంచింది. అయినా 2017 జనవరి 1న స్టేట్ బ్యాంక్ తన రుణ రేట్లను 0.90 శాతం పాయింట్లు తగ్గించింది.

2017 ఫిబ్రవరి 8న రిజర్వు బ్యాంకు తన విధానాన్ని తటస్థ వైఖరికి మార్చగానే బాండు రాబడి ఒక్కసారిగా పెరిగింది. రేటు ఇంకా తగ్గుతుందని అంతకుముందు ఎక్కువ ధరకు బాండ్లు కొన్నవారికి పైన చెప్పిన 875 రూపాయల లెక్క ఎదురైంది.

పరిమితి

బ్యాంకుల్లో ద్రవ్యం పొంగిన రోజుల్లోనే చేతిలో నోటు కరువైంది. పాత నోట్లను మార్చిపెట్టడానికి కమీషన్ తీసుకున్న వార్తలు దేశమంతటా వచ్చాయి. ఆ కమీషన్, వెంటనే ఖర్చుపెట్టగల నోటు కోసం చెల్లించిన ధర. బ్యాంకు రేటు తగ్గినంత మాత్రాన నోటు అవసరమైన చిన్న వ్యాపారికి అప్పు సులభంగా దొరుకుతుందని చెప్పలేం. కీన్స్ నమూనాలో ద్రవ్యమంతా ఒకే రకం. నోటు, డిపాజిట్ సులభంగా మారకపోయినప్పుడు రెండింటినీ వేరువేరుగా పరిశీలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఏటా 70 రూపాయలిచ్చే శాశ్వత బాండు ధర 1,400 రూపాయలైతే వడ్డీరేటు ఎంత?
2. నోట్ల రద్దు తర్వాత కరెన్సీ తగ్గినా బాండ్ల రాబడి ఎందుకు తగ్గింది?