లెక్క నుండి శిక్షణ దాకా: క్రీడా నైపుణ్య పరిశీలన పట్టికల పరిణామం

ఉపోద్ఘాతం:

క్రీడాకారుని నైపుణ్యాన్ని కాగితంపై గుర్తులుగా నమోదు చేసి, దాని ఆధారంగా శిక్షణను నిర్ణయించే పద్ధతి ఇరవయ్యవ శతాబ్దంలో రూపుదిద్దుకొంది. ఏమి లెక్కించాలి, దేనితో పోల్చాలి, లెక్కను శిక్షణగా ఎలా మార్చాలి అనే మూడు ప్రశ్నలు ఈ పరిణామాన్ని నడిపించాయి. ఫుట్‌బాల్, వాలీబాల్ క్రీడల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చార్లెస్ రీప్ లెక్కలు:

1950 మార్చి 18న ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో జరిగిన ఫుట్‌బాల్ ఆటలో, బ్రిటిష్ వైమానిక దళ అధికారి చార్లెస్ రీప్ రెండవ అర్ధభాగంలోని దాడులను నోటు పుస్తకంలో గుర్తులతో నమోదు చేయసాగాడు. ఏళ్ల తరబడి ఇలా సేకరించిన సమాచారాన్ని, 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు లేదా అంతకంటే తక్కువ పాసులతోనే వచ్చాయని అతడు గుర్తించాడు. దీని నుండి బంతిని త్వరగా, దూరంగా ముందుకు పంపాలన్న సూత్రం పుట్టి ఇంగ్లండు శిక్షణపై ప్రభావం చూపింది.

ఈ నిర్ధారణలోని లోపం నమోదులో లేదు, పోల్చిన తీరులో ఉంది. ఆటలో అత్యధిక దాడులు మూడు పాసుల లోపే ముగుస్తాయి. కాబట్టి గోల్స్‌లోనూ అవే ఎక్కువగా కనబడటం సహజం. అడగవలసిన ప్రశ్న, ఒక్కొక్క రకం దాడి ఎన్నిసార్లు జరిగితే ఎన్ని గోల్స్ వచ్చాయన్నది. మైక్ హ్యూస్, ఇయాన్ ఫ్రాంక్స్ 2005లో ప్రచురించిన వ్యాసంలో 1990, 1994 ప్రపంచ కప్ ఆటలను ఈ విధంగా లెక్కించినప్పుడు, విజయవంతమైన జట్లకు ఎక్కువ పాసుల దాడులే మెరుగైన ఫలితమిచ్చినట్లు తేలింది.

జ్ఞాపకశక్తి పరిమితి:

పట్టిక ఎందుకు, శిక్షకుని కన్ను చాలదా అన్న సందేహానికి 1986లో ఫ్రాంక్స్, గ్యారీ మిల్లర్ ప్రయోగం సమాధానమిచ్చింది. అంతర్జాతీయ ఆటలోని 45 నిమిషాల భాగాన్ని చూసినవారు, ముఖ్య సంఘటనలపై అడిగిన ప్రశ్నలలో సగానికి కూడా సరైన జవాబులు ఇవ్వలేకపోయారు. వీడియోను తిరిగి చూడగలగడం ఈ పరిమితిని తగ్గించింది. అయితే నిర్వచనం లేకుండా ఎన్నిసార్లు చూసినా అభిప్రాయమే మిగులుతుంది.

వాలీబాల్ స్వీకరణ అంచనా:

నిర్వచనంతో కూడిన శ్రేణీకరణకు మంచి ఉదాహరణ, అమెరికా వాలీబాల్ శిక్షకుడు జిమ్ కోల్‌మన్ పేరుతో ముడిపడిన అంకెల పద్ధతి. సర్వీసు స్వీకరణలో సెట్టర్‌కు అన్ని దాడి అవకాశాలు మిగిలితే 3, కొన్నే మిగిలితే 2, సరైన దాడి సాధ్యం కాకపోతే 1, పాయింటు నేరుగా పోతే 0. అంకె శరీర భంగిమకు కాక, తదుపరి చర్యకు మిగిలిన అవకాశానికి ఇస్తారన్నది ఇక్కడి కీలకం.

ఒక క్రీడాకారిణికి 20 సర్వీసులు వచ్చాయని, మొత్తం 39 అంకెలతో సగటు 1.95 వచ్చిందని అనుకొందాం. ఈ సగటు శిక్షకునికి ఏ పనీ చెప్పదు. బంతి వచ్చిన దిశను బట్టి విడదీస్తే, ఎదురుగా, ఎడమవైపుకు వచ్చిన 12 బంతులకు 30 అంకెలు, అంటే 2.5, కుడివైపుకు వచ్చిన 8 బంతులకు 9 అంకెలు, అంటే 1.1. అప్పుడు వీడియోను నెమ్మదిగా చూడవలసినవి కుడివైపు 0, 1 వచ్చిన 5 బంతులు మాత్రమే. వాటిలో 4 సందర్భాలలో బంతి తాకే క్షణంలో పాదాలు ఇంకా కదులుతున్నాయని, చేతులు ఊగుతున్నాయని కనబడితే, లోపం చేతులలో కాక ఆలస్యంగా కదలడంలో ఉందని భావించవచ్చు.

అందువల్ల సూచన “స్వీకరణ మెరుగుపరచుకో” అని ఉండదు. “సర్వర్ చేతి నుండి బంతి వెలువడగానే కుడి పాదం కదిలించు, బంతి తాకేలోగా నిలబడు” అని ఒకే అంశంపై ఉంటుంది. ఆ వైపుకే సర్వీసులు పంపి అభ్యాసం చేయించి, అవే నిర్వచనాలతో తదుపరి ఆటలో మళ్లీ అంచనా వేయాలి.

పరిమితులు:

8 బంతులలో ఒక్క 0 స్థానంలో 3 వచ్చినా సగటు 0.375 మారుతుంది. అందుచేత ఒక ఆటతో నిర్ణయానికి రాకుండా, అదే ధోరణి మరికొన్ని ఆటలలో కనబడుతున్నదా అని చూడాలి. అలాగే పరిశీలకుడు కొన్ని రోజుల తరువాత పాత అంకెలు చూడకుండా అదే వీడియోకు మళ్లీ అంకెలు వేయాలి. తేడాలన్నీ 1, 2 మధ్యనే వస్తే, సవరించవలసింది క్రీడాకారిణిని కాదు, ఆ రెండింటి నిర్వచనాన్ని.

ముగింపు:

రీప్ నోటు పుస్తకం పరిశీలనకు క్రమాన్ని ఇచ్చింది. దాని వైఫల్యం, ప్రతి ఫలితాన్నీ దానికి లభించిన అవకాశాల సంఖ్యతో పోల్చాలని నేర్పింది. మొత్తం సగటును విడదీసి, ఒకే కారణాన్ని గుర్తించి, ఒకే అభ్యాసాన్ని సూచించి, తిరిగి కొలిచినప్పుడే పరిశీలన పట్టిక శిక్షణ సాధనమవుతుంది.