బాక్టీరియా మెనింజైటిస్

మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలకు బాక్టీరియా సోకి వాపు రావడాన్ని '''బాక్టీరియా మెనింజైటిస్''' అంటారు. తెలుగులో దీనిని మెదడుపొరల వాపు అనవచ్చును. మెదడు కణజాలానికే వచ్చే మెదడువాపు (ఎన్‌సెఫలైటిస్) వేరు, ఇది వేరు. చికిత్స అందకపోతే గంటల్లోనే ప్రాణాపాయం కలిగించగల వ్యాధి ఇది. బ్రతికి బయటపడినవారిలో కొందరికి చెవుడు, మూర్ఛ వంటివి మిగిలిపోతాయి. అందుచేత వ్యాధి నిర్ధారణ పూర్తి కాకముందే, బలమైన అనుమానం మీదనే మందు మొదలుపెట్టాలన్నది వైద్యంలో స్థిరపడిన నియమం.

== వ్యాధి స్వభావం ==
మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే నీటిని మస్తిష్కమేరు ద్రవం అంటారు. రక్తంలో సూక్ష్మజీవులను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు, తెల్లకణాలు ఈ ద్రవంలో చాలా తక్కువ. ముక్కు, గొంతు, చెవి భాగాలనుండి నేరుగా గాని రక్తం ద్వారా గాని ఇక్కడికి చేరిన బాక్టీరియాకు ఎదురుండదు కనుక అవి వేగంగా పెరుగుతాయి. పెద్దవారిలో న్యూమోకాకస్ ముఖ్య కారణం. మెనింగోకాకస్ వల్ల కూడా ఈ వ్యాధి వస్తుంది. టీకా పడని చిన్నపిల్లల్లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా 'బి' రకం కారణం కావచ్చును.

== లక్షణాలు ==
జ్వరం, మెడ బిగుసుకుపోవడం, స్పృహలో మార్పు అనే మూడింటిని ఈ వ్యాధికి గుర్తులుగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే 2004లో నెదర్లాండ్స్‌లో 696 కేసులను పరిశీలించినపుడు ఈ మూడూ కలిసి కనిపించినవి 44 శాతం మాత్రమే. తలనొప్పిని కూడా కలిపి నాలుగు లక్షణాలుగా లెక్కిస్తే, వాటిలో కనీసం రెండు 95 శాతం మందిలో ఉన్నాయి. కాబట్టి మెడ మెత్తగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరాదు. పసిబిడ్డల్లో మెడ పట్టేయడం తరచు కనబడదు. పాలు తాగకపోవడం, ఎత్తుకుంటే ఏడుపు ఎక్కువ కావడం, మాడు ఉబ్బడం వారిలో చూడవలసిన గుర్తులు.

== నడుము సూది పరీక్ష ==
లంబార్ పంక్చర్ అనే ఈ పరీక్షను జనం 'వెన్నులో నీరు తీయడం' అంటారు. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్విన్కే దీనిని వర్ణించాడు. రోగిని ప్రక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టవైపు ముడిపించి, నడుము భాగంలో 3, 4 పూసల మధ్యగాని 4, 5 పూసల మధ్యగాని సన్నని సూది దించుతారు. నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం పల్లెల్లో ఎక్కువ. కాని పెద్దవారిలో వెన్నుపాము నడుము 1, 2 పూసల దగ్గరే ముగుస్తుంది. సూది అంతకంటె దిగువన పడుతుంది కనుక వెన్నుపాముకు తగలదు.

తీసిన ద్రవంలో ఈ క్రింది మార్పులు చూస్తారు.
* '''పీడనం''': మామూలుగా 20 సెం.మీ. నీటి మట్టానికి లోపు. ఈ వ్యాధిలో తరచు అంతకు మించుతుంది.
* '''రూపం''': స్వచ్ఛమైన నీటిలా ఉండవలసినది మసకబారుతుంది.
* '''తెల్లకణాలు''': ఘన మిల్లీమీటరుకు 5కు మించనివి తరచు వేయి దాటుతాయి. వాటిలో అధికభాగం న్యూట్రోఫిల్స్.
* '''ప్రోటీను''': డెసిలీటరుకు సుమారు 15-45 మి.గ్రా. ఉండేది తరచు 100 దాటుతుంది.
* '''చక్కెర''': రక్తంలోని చక్కెరలో సుమారు మూడింట రెండు వంతులు ఉండేది, 40 శాతం కంటె దిగువకు పడిపోతుంది. అందుకే అదే సమయంలో రక్తంలో చక్కెర కూడా చూడాలి. లేకపోతే మధుమేహ రోగిలో ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

వారాల తరబడి జ్వరం, తలనొప్పి ఉండి, ద్రవంలో లింఫోసైట్లు ఎక్కువగా కనిపిస్తే క్షయ మెనింజైటిస్‌ను అనుమానించాలి. మన దేశంలో అది అరుదు కాదు.

రోగి స్పృహ బాగా తగ్గినా, కొత్తగా ఫిట్స్ వచ్చినా, ఒక ప్రక్క చేయి, కాలు పడిపోయినా ముందు తలకు సీటీ స్కాన్ తీస్తారు. తల లోపలి ఒత్తిడి ఒకచోట ఎక్కువగా ఉన్నపుడు దిగువన నీరు తీస్తే మెదడు క్రిందికి జారే ప్రమాదం ఉంటుంది. డెంగీ వంటి జ్వరాల్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినపుడు కూడా సూది వాయిదా వేయవలసి ఉంటుంది. అయితే వాయిదా పడేది సూది మాత్రమే, మందు కాదు.

== ముందస్తు చికిత్స ఎందుకు ==
మందు ముందే ఇస్తే పరీక్షలో ఏమీ తేలదన్న సందేహమే ఆలస్యానికి ప్రధాన కారణం. ఇందులో కొంత నిజముంది. తగిన యాంటీబయాటిక్ పడిన తరువాత ద్రవంలోని మెనింగోకాకస్ ఒకటి రెండు గంటల్లో, న్యూమోకాకస్ కొన్ని గంటల్లో కల్చర్‌లో పెరగడం మానవచ్చును. కాని తెల్లకణాలు, ప్రోటీను, చక్కెరలలో మార్పులు అంత త్వరగా పోవు. ఇంచుమించు మరునాటి వరకు వ్యాధిని చూపుతూనే ఉంటాయి. మందుకు ముందు తీసిన రక్తం కల్చర్‌లో బాక్టీరియా దొరికే అవకాశం కూడా ఉంది. అంటే ముందుగా మందు ఇవ్వడం వల్ల పోయేది కొంత సమాచారం. ఆపడం వల్ల పోగలిగేది ప్రాణం. ఆసుపత్రికి వచ్చిన తరువాత యాంటీబయాటిక్ ఆరు గంటలకు మించి ఆలస్యమైనవారిలో మరణాలు చాలా ఎక్కువని కెనడాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వీలైతే మందుకు ముందే నీరు తీయమని, అది ఆలస్యమయ్యేటట్లుంటే మందును ఆపవద్దని చెబుతున్నాయి.

పెద్దవారికి సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకు ఒకసారి నరానికి ఇస్తారు. దానికి ముందుగాని, దానితోపాటుగాని డెక్సామెథసోన్ 10 మి.గ్రా. ఇచ్చి, 6 గంటలకు ఒకసారి చొప్పున నాలుగు రోజులు కొనసాగిస్తారు. న్యూమోకాకస్ కేసుల్లో దీని ప్రయోజనం ఎక్కువ. వెల్లూరు సీఎంసీ ప్రయోగశాల నివేదికలు మెనింజైటిస్ కలిగించే న్యూమోకాకస్‌లో పెన్సిలిన్ నిరోధకత పెరిగినట్లు చూపాయి. నిరోధకత అనుమానమున్నచోట వాంకోమైసిన్ కూడా చేరుస్తారు. వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి లిస్టీరియా కోసం ఆంపిసిలిన్ కలుపుతారు. నవజాత శిశువులకు సెఫ్ట్రియాక్సోన్ బదులు సాధారణంగా సెఫొటాక్సిమ్, ఆంపిసిలిన్ వాడతారు.

== ఒక ఉదాహరణ ==
కాణిపాకం క్షేత్రం ఉన్న ఐరాల మండలం చిత్తూరు జిల్లాలోనిది. ఇక్కడి రోగి మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుండి చిత్తూరుకు, అవసరమైతే తిరుపతికి గాని వెల్లూరుకు గాని వెళ్లవలసి వస్తుంది. ఈ మండలంలో 45 ఏళ్ల రైతు ఒకరికి వారం రోజులుగా చెవిలో చీము కారుతున్నదని ఊహించుకుందాం. ఉదయం జ్వరం, తలనొప్పి వచ్చి, సాయంత్రానికి మాట తడబడింది. 6 గంటలకు ఆరోగ్య కేంద్రంలో చూస్తే 103 డిగ్రీల జ్వరం ఉంది, మెడ వంగడం లేదు.

కేవలం ఉత్తరం వ్రాసి పంపితే 108 వాహనం, ప్రయాణం, స్కాన్ వరుస, నీరు తీయడం అన్నీ గడిచేసరికి మొదటి మోతాదు అర్ధరాత్రికి పడవచ్చును. ఇక్కడ వైద్యుడు రక్తం తీసి, 6.20కి డెక్సామెథసోన్, సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చాడు. కల్చర్ సీసా లేని కేంద్రమైతే దానికోసం ఆగకూడదు. నరం దొరకకపోతే సెఫ్ట్రియాక్సోన్‌ను రెండుచోట్ల పంచి కండకు వేయవచ్చును. ఇచ్చిన మందు, మోతాదు, సమయం ఉత్తరంలో వ్రాశాడు.

రాత్రి 11 గంటలకు పెద్దాసుపత్రిలో తీసిన ద్రవం మసకగా ఉంది. పీడనం 30 సెం.మీ., తెల్లకణాలు 2,400, వాటిలో న్యూట్రోఫిల్స్ 90 శాతం, ప్రోటీను 220. చక్కెర 25, అదే సమయంలో రక్తంలో 120, అంటే 21 శాతమే. ద్రవం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఉత్తరంలోని సమయం చూసిన వైద్యులకు దానికి కారణం తెలుసు. రెండవ రోజు రక్తం కల్చర్‌లో న్యూమోకాకస్ దొరికింది. రోగనిర్ధారణ దెబ్బతినలేదు, చికిత్సకు ఐదారు గంటలు కలిసివచ్చాయి.

ఒకవేళ ద్రవం పూర్తిగా మామూలుగా ఉండి, 48 గంటల తరువాత కల్చర్లలోనూ ఏమీ రాకపోతే, వేరే కారణం లేనపుడు మందు ఆపివేస్తారు.