హోల్డాన్ అనలేని కండక్టరమ్మ

బస్సు కదిలింది. ఫుట్‌బోర్డు మీద ఒక పెద్దాయన. ఒక కాలు పైన, రెండోది ఇంకా రోడ్డు మీదే. ‘హోల్డాన్’ అని అరవబోయి ఆమె నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు చూసి కేకేశాడు కాబట్టి సరిపోయింది. డ్రైవర్ బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు.

“ఏందక్కా, అరవకపోతివి?”

ఆమె జవాబు చెప్పింది. ఇంజిన్ మోతలో అతనికి వినబడలేదు.

ఖమ్మం వైపు ఒక డిపోలో కండక్టర్ ఆమె. నలభై దాటాయి. పేరు, డిపో రాయొద్దన్నది. మెడకు ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ ఉండేది. సూదితో తీసి చేసిన పరీక్షలో అది మంచిదో చెడ్డదో తేలలేదు. దాంతో థైరాయిడ్ గ్రంథిలో ఎడమ సగం తీసేశారు. తర్వాత బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఆమెకు మాత్రం మాట రాలేదు.

ఆపరేషన్ రోజు సాయంత్రమే గొంతు గుసగుసలా ఉంది. “మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేశాం కదమ్మా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది” అన్నారు. ఆ మాట తప్పేమీ కాదు. గొట్టం రాపిడికి, వాపుకి చాలామందికి కొన్నాళ్లు గొంతు బొంగురుపోతుంది, తర్వాత తగ్గిపోతుంది కూడా. చిక్కల్లా నాలుగు రోజులు నాలుగు వారాలైనా ఎవరూ మళ్లీ చూడకపోవడమే. కుట్లు విప్పారు, గాటు మానింది. మిరియాల కషాయం, తాటి కలకండ, ఉప్పునీళ్ల పుక్కిలింత అన్నీ అయ్యాయి. సెలవు అయిపోయి డ్యూటీ ఎక్కిన మొదటి వారంలోనే ఈ ఫుట్‌బోర్డు సంగతి జరిగింది.

మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన మొదట గొంతు గురించి అడగలేదు.

“నీళ్లు తాగుతుంటే పొలమారుతోందా అమ్మా?”

“అవును సార్. అన్నం మంచిగనే పోతది. నీళ్లు, చాయ్ తాగితేనే దగ్గొస్తది.”

“ఒక్క ఊపిరిలో ‘ఆ’ అని ఎంతసేపు అనగలవో అను.”

ఐదు సెకన్లకే ఆగిపోయింది. మామూలుగా ఈ వయసు ఆడవాళ్లు పదిహేను సెకన్ల దాకా లాగుతారు. దగ్గమన్నాడు. బలం లేని దగ్గు. అప్పటికే ఆయనకు సగం అర్థమైంది.

ముక్కులో మత్తుమందు చల్లి, సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి గొంతు దాకా దించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నొప్పి లేదంటుంది ఆమె. తెర తనవైపు తిప్పి చూపించాడు. తెల్లటి రెండు పట్టీలు, అవే స్వరతంత్రులు. ‘ఈ’ అనమంటే కుడిది గబుక్కున మధ్యకు వచ్చింది. ఎడమది ఉన్నచోటే ఉంది. రెండింటి మధ్య సన్నటి సందు.

“రెండు రెక్కల తలుపులో ఒక రెక్క బిగుసుకుపోయింది. ఆ సందులోంచి గాలి వృథాగా పోతోంది. నీ మాట గాలిగా ఉన్నది, నాలుగు మాటలకే ఆయాసం వస్తున్నది అందుకే. నీళ్లు దిగేటప్పుడు తలుపు గట్టిగా మూసుకోదు, అందుకే దగ్గు.”

ఆ రెక్కను కదిలించేది రికరెంట్ లారింజియల్ నరం. మెదడు నుంచి వచ్చే పెద్ద నరంలోంచి ఛాతీలో చీలి, ఎడమవైపుదైతే గుండె మీది మహాధమనిని చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య గాడిలో, థైరాయిడ్‌కు సరిగ్గా వెనకగా పోయి స్వరపేటికలో దూరుతుంది. మందం సుమారు రెండు మిల్లీమీటర్లే. గ్రంథిని శ్వాసనాళానికి పట్టి ఉంచే గట్టి కణజాలం ఈ నరాన్ని ఆనుకునే ఉంటుంది. గ్రంథిని పైకెత్తి విడదీసేటప్పుడు నరం సాగుతుంది. ఎక్కువ దెబ్బలు ఈ సాగడం వల్లే. రక్తం ఆపే కరెంటు పరికరం వేడి తగలొచ్చు. దారం ముడిలో పడొచ్చు. తెగడం అరుదు.

“మరి నరం తెంపేసిన్రా సార్?” అని భర్త కోపంగానే అడిగాడు.

డాక్టర్ డిశ్చార్జి సమ్మరీ తీయమన్నాడు. ఎడమ నరాన్ని గుర్తించి, కాపాడినట్టు అందులో రాసి ఉంది. కంటికి నిక్షేపంగా కనబడిన నరం కూడా సాగితే మొద్దుబారుతుంది. అలాంటిది తిరిగి మేలుకునే అవకాశమే ఎక్కువ. కొందరికి ఆరు వారాలు, చాలామందికి ఆరు నెలల లోపు, కొద్దిమందికి ఏడాది. నాకు తెలిసినంతలో రోగులకు ఎవరూ సరిగ్గా చదివి చెప్పని కాగితం ఈ సమ్మరీయే.

అప్పటిదాకా ఏం చేయాలి? స్పీచ్ థెరపిస్టు ముందు నీళ్లు తాగడం నేర్పింది. గడ్డం ఛాతీ వైపు వంచి, చిన్న గుటకలు వేయమంది. తల ఎడమకు, అంటే కదలని వైపుకు తిప్పి మింగితే దగ్గు తగ్గింది. గొంతు బిగించి మాట లాగొద్దంది, బలవంతపు గుసగుసా వద్దంది. బాగున్న రెక్క కాస్త ఎక్కువ దూరం వచ్చి ఆనేలా స్వరం పలికించే అభ్యాసాలు ఇచ్చింది. అయితే వ్యాయామంతో నరం త్వరగా కోలుకోదు. ఉన్నదాన్ని బాగా వాడుకోవడమే ఇక్కడ జరిగేది.

బస్సులో ఆ మాత్రం చాలదు. రెండో నెలలో డాక్టర్ ఇంజెక్షన్ చేశాడు. మెడ దగ్గర మత్తిచ్చి, కెమెరాలో చూస్తూ ఎడమ తంత్రిలోకి హయలురానిక్ యాసిడ్ జెల్ ఎక్కించాడు. ఆ రెక్క లావెక్కి మధ్యకు జరిగింది. బల్ల మీద ఉండగానే ఆమె ‘ఒకటి, రెండు’ అంటే గది అవతల భర్తకు వినబడింది. “నయమైందని సంబరపడొద్దు, ఇది నరానికి మందు కాదు, ఆసరా. కొన్ని నెలల్లో కరిగిపోతుంది” అని ముందే చెప్పాడు.

ఐదో నెలలో మళ్లీ కెమెరా. మాట బాగుంది. అది జెల్ పుణ్యమా, నరం పుణ్యమా? మాట వింటే తేలదు. జెల్ రెక్కను జరపగలదు గానీ కదిలించలేదు. ఆ రోజు ‘ఈ’ అన్నప్పుడు ఎడమ రెక్క కొద్దిగా అదిరింది. ఎనిమిదో నెలకు జెల్ కరిగిపోయినా మాట నిలిచింది. ఎడమది పూర్తిగా కదలదు, కుడిది వచ్చి ఆనుకుంటుంది. ‘ఆ’ ఇప్పుడు పన్నెండు సెకన్లు వస్తోంది. ‘హోల్డాన్’ అంటే డ్రైవర్‌కు వినబడుతుంది. సాయంత్రం ట్రిప్పుకు మాత్రం గొంతు అలసిపోతుంది. అప్పుడు విజిల్ వేస్తుంది, దానికి స్వరతంత్రులతో పని లేదు.

ఏడాది తర్వాతా రెక్క రాకపోతే దారి మూసుకుపోదు. థైరోప్లాస్టీ చేస్తారు. స్వరపేటిక మృదులాస్థికి చిన్న కిటికీ కోసి, లోపల సిలికాన్ ముక్క పెట్టి తంత్రిని శాశ్వతంగా మధ్యకు నెడతారు. రోగిని మెలకువగానే ఉంచి, మాట్లాడిస్తూ, వింటూ ముక్క అమరుస్తారు. నరం తెగిందని ఆపరేషన్‌లోనే తెలిస్తే అక్కడికక్కడే అతికే ప్రయత్నం చేస్తారు.

థైరాయిడ్ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ముందే ఒకసారి స్వరతంత్రులు చూపించుకోండి. గొంతే జీవనాధారమైతే, టీచరైనా కండక్టరైనా పాటగాడైనా, ఆ మాట సర్జన్‌కు చెప్పండి. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు వారాలకూ మాట గాలిగానే ఉంటే, నీళ్లకు పొలమారుతుంటే, కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీకి చూపించండి. ఊపిరి తీసుకుంటుంటే కీచుమని శబ్దం వస్తే మాత్రం రెండు నరాలూ దెబ్బతిని గాలిదారి మూసుకుంటూ ఉండొచ్చు. అప్పుడు మర్నాటి దాకా ఆగకండి, ఆ నిమిషమే అత్యవసర విభాగానికి వెళ్లండి.