తమ్ముడికి పున్నమి కబురు

ఒరే తమ్ముడా, ఇది కొంచెం పొడుగు కబురు. డ్యూటీ దిగి రూముకు పోయినాక నిమ్మళంగా విను. ఫోను పెద్ద మనవడు పట్టుకోనుండాడు, మిగిలిన పిల్లోల్లు అరుగు మీద నా చుట్టూ కూర్చోనుండారు. "కువైట్ తాత రాఖీకి ఏం పంపినాడవ్వా?" అని పొద్దన్నుంచి పానం తీస్తాండారు. అందుకే నీకు చెప్పేది వాళ్ళూ వినాలని గట్టిగానే చెప్తాండా.

మన చిన్నప్పుడు బుక్కరాయసముద్రంలో రాఖీ ఎవరు కట్టిండ్రిరా? శ్రావణ పున్నమి అంటే జంధ్యాల పున్నమి. జంధ్యం వేసుకునే ఇండ్లలో పాతది తీసి కొత్తది వేసుకునేవాళ్ళు, మనకు ఆ పనీ లేదు. అక్కాతమ్ముండ్ల పండగ మన ఇంట్లో నాగుల చవితి. కోస్తా దిక్కు దాన్ని కార్తీకంలో చేస్తారంట, మనకు శ్రావణంలోనే. అమ్మ చలిమిడీ, నువ్వుల చిమ్మిలీ చేసి, చెంబులో పాలు పట్టుకోని మనల్ని చెరువు దిక్కు పుట్ట కాడికి పిల్చుకపోయేది. పుట్టలో పోయంగా మిగిలిన పాలు నీ వీపు మీద రాయడం నా వంతు. సల్లగా తగిలేసరికి నువ్వు ఎగిరి గంతేసి, చిమ్మిలి ఉండ చేతిలో పెడితే గానీ నిలబడేవాడివి కాదు.

నువ్వు ఊరిడిసి పోయింది వానల్లేకే. మన జిల్లాకు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అదైనా అదునుకు పడాల. శెనక్కాయ పూత పూసి ఊడలు దిగేటప్పుడు వాన ముఖం చాటేస్తే నేల బిగుసుకపోతాది, ఊడ లోపలికి దిగదు. చూసేవాళ్ళకు చెట్టు పచ్చగానే ఉంటాది, పీకితే కింద కాయ ఉండదు. నాయన వరసగా అట్లాంటి చెట్లే పీకినాడు. అప్పు తెచ్చి వీసాకు కట్టి నిన్ను కువైట్‌కు పంపినాడు. అప్పటినుంచి నీ జాబుల్లో ఒకటే మాట, "నేను బాగున్నాను". ఊరికి వచ్చేవాళ్ళ చేత క్యాసెట్టు పంపినా, రెండు పక్కలా తిప్పి విన్నా, అదే మాట.

1990లో రాఖీలు అనంతపురం బజారుకు బాగా వచ్చినాయి. అరచేతంత స్పాంజి పువ్వు, దాని మీద జరీ. చవితికి వీపు కడిగేదానికి నువ్వు లేవు గదా, ఇదైనా పంపుదామని ఒకటి కొన్నా. కవర్లో పెడితే ఉబ్బుకోని అంటుకోలేదు, బరువుకు స్టాంపులు కూడా ఎక్కువ అడిగినారు. ఇంటికి తెచ్చి స్పాంజి ఊడబీకి, ఒట్టి పట్టుదారం జాబులో మడిచి జులై నడుమన పోస్టు చేసినా. కువైట్‌కు జాబు చేరాలంటే తక్కువంటే పది పదైదు దినాలు పట్టేది.

ఆగస్టు 2 తెల్లారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఆ పొద్దు గురువారం, మరుసటి రోజు వరలక్ష్మీ వ్రతం. అమ్మ కలశం టెంకాయకు పసుపు రాస్తా రేడియో పెట్టుకునింది. వార్తల్లో కువైట్ పేరు వినపడంగానే చేతిలో టెంకాయ కింద పెట్టేసింది. విమానాశ్రయం మూసేసినారు, ఫోన్లు కలవవు. నా జాబు యాడుందో పోస్టులో ఎవరూ చెప్పలేకపోయినారు. ఈ పొద్దుకూ అది నీకూ చేరలేదు, నాకూ తిరిగి రాలేదు.

నాలుగు దినాలకు, సోమవారం, పున్నమి. ఆ రాత్రి చంద్రగ్రహణం. చంద్రుడు లేస్తానే సగం నల్లగా లేసినాడు. అమ్మ మధ్యాన్నమే పొయ్యి ఆర్పేసింది. గ్రహణం విడిచినాక తలకు పోసుకోని, తడిబట్టతోనే చెరువు కట్ట దిక్కు తిరిగి ముసలమ్మకు మొక్కుకునింది. చెరువు తెగినప్పుడు ఊరి కోసం గండిలో నిలబడిన ఆడది గదా, బిడ్డల్ని తలుచుకుంటే ఆమెకు తెలుస్తాదని అమ్మ నమ్మకం. నాయన మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా రేడియో ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నాడు.

పిల్లోల్లారా, మీకు తెలీదు గానీ అప్పట్లో కువైట్‌లో మనోళ్ళు లక్షా డెబ్బైవేల దాకా ఉండిరి. విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్‌కే పోయి సద్దాంతో మాట్లాడొచ్చినాడు. కువైట్ నుంచి బస్సుల్లో బస్రా, ఆడనుంచి బాగ్దాద్, ఆపైన ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్. ఆడికి చేరినోళ్ళను ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి తెచ్చినాయి. ఆగస్టు నడిమి నుంచి రెండు నెలలు, 488 సార్లు ఎగిరి, లక్ష మందికి పైగా తెచ్చినాయి. మీ తాత వాళ్ళలో ఒకడు. బొంబాయిలో దిగినాడని టెలిగ్రాం వచ్చింది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో అనంతపురంలో దిగినాడు. చేతిలో ఒక సంచి, కంపెనీ ఇయ్యాల్సిన జీతం లేదు. దాచుకున్న దినార్లు నాయనకు ఇచ్చినాడు గానీ వాటిని మార్చుకునేవాడే లేడు, ఇరాక్ వాటిని చెల్లకుండా చేసేసింది.

అప్పుడు గూడా ఏం చెప్పినావురా నువ్వు? "దావలో ఏం ఇబ్బంది పడలేదక్కా, బాగానే వచ్చినాం." అమ్మ నమ్మింది. నేనూ నమ్మినా. యుద్ధం ముగిసి మళ్ళీ పోయినావు, అప్పు తీర్చినావు, చెల్లెలి పెండ్లి చేసినావు. అమ్మ పోయినాక, దినం నాటి రాత్రి ఇదే అరుగు మీద నోరు విప్పినావు. సరిహద్దు కాడ, ఇరాక్‌కూ జోర్డాన్‌కూ నడుమ గుడారాల్లో పడి ఉన్నామనీ, నీళ్ళ ట్యాంకరు వస్తే జనం మీద జనం పడేవాళ్ళనీ, ఒక సీసా నీళ్ళు ఆరుమంది మూతలతో కొలుచుకోని తాగినామనీ చెప్పినావు. పక్క గుడారంలో కడప జిల్లా పెద్దాయన జ్వరంతో పలవరిస్తా బిడ్డ పేరు పిలుస్తాంటే, ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకోని తెల్లార్లూ కూర్చున్నావంట. అమ్మ ఉన్నప్పుడు యాల చెప్పలేదంటే, "చెప్తే మళ్ళీ పోనిచ్చేదా?" అన్నావు.

నీ లెక్క నాకు అర్థమయ్యింది. అప్పుడు ఇంటికి ఆ డబ్బు కావాల, నోరు మూసుకోకపోతే జరగదు. ఇప్పుడు ఆ అక్కర లేదురా. అప్పుల్లేవు, బిడ్డలు వాళ్ళ కాళ్ళ మీద నిలబడినారు, హెచ్చెల్సీ నీళ్ళతో చెరువు నిండిన ఏండ్లు గూడా చూసినాం. మొన్న వీడియోలో నువ్వు కుడికాలు చాపుకోనే కూర్చున్నావు. లేయమంటే గోడ పట్టుకోని లేసినావు. మాత్రల పెట్టె చూడంగానే ఫోను పక్కకు తిప్పినావు. చెట్టు పచ్చగా ఉందని కాయ ఉందనుకునే ఆడదాన్నా నేను?

దారం పోయిన నెల్లోనే మనోళ్ళ చేత పంపినా, అందిందని చెప్పినావు. మీ రూములో కదిరి అబ్బాయి ఉన్నాడు గదా, వాని చేతనే కట్టించుకో. పిల్లోల్లకు ఏమీ పంపొద్దు, వాళ్ళకు చెప్పేసినా. కట్టిన చెయ్యి ఫోటో గూడా నాకు అక్కర లేదు. ఆసుపత్రిలో నీకిచ్చిన చీటీ ఫోటో తీసి పెట్టు. చక్కెర ఎంతుందో, మోకాలికి ఏం చెప్పినారో డాక్టరు రాసింది మనవరాలు చదివి చెప్తాది. అది చూసినాక, నువ్వు ఊరికి ఎప్పుడు రావాలో ఇద్దరం మాట్లాడుకుందాం.