స్కోరుకార్డులో మలుపు ఎక్కడుంది?

ఈ సంచిక కోసం పాత వస్తువులేమైనా ఉంటే పంపమని సంఘం వాళ్లు అడిగితే, అటక మీది ట్రంకుపెట్టె దించాను. అందులో మన బడి క్రికెట్ జట్టు స్కోరుపుస్తకం దొరికింది. సముద్రపు గాలికి కాగితాలు మెత్తబడ్డాయి గాని పెన్సిలు గీతలు చెరగలేదు. పక్క ఊరి బడితో ఆడి కొద్ది పరుగుల తేడాతో ఓడిపోయిన మ్యాచ్ అందులో ఉంది. మనవాళ్లు ఎక్కడ కలిసినా ఆ మ్యాచ్ ప్రస్తావన వస్తుంది. చివరి బ్యాట్స్‌మన్‌గా దిగి రనౌటైన మిత్రుణ్ణి, "నువ్వు ఆ పరుగుకు పోకుండా ఉంటే గెలిచేవాళ్లం రా" అని ఆటపట్టిస్తాం. వాడూ నవ్వేస్తాడు. ఆ కథను అందరికంటే ఎక్కువసార్లు చెప్పినవాణ్ణి నేనే.

ఉద్యోగం చరిత్ర పాఠాలు చెప్పడం కాబట్టి, ఆధారాన్ని ఎలా చదవాలో పిల్లలకు చూపించడానికి స్కోరుకార్డును వాడుకునేవాణ్ణి. నేను ఎంచుకున్నది 2001 మార్చి 11 నుంచి 15 వరకు కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, ఆస్ట్రేలియా ఆడిన టెస్టు. మన హైదరాబాదు లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్. దాన్ని మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అయినా ఒకసారి కార్డు మాత్రమే ముందు పెట్టుకుని చూద్దాం.

ఆస్ట్రేలియా 445. భారత్ 171. ఫాలో ఆన్ ఆడిన భారత్ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసింది. ఆస్ట్రేలియా 212. భారత్ 171 పరుగులతో గెలిచింది. మలుపు ఎక్కడని అడిగితే పిల్లలు ముందు హర్భజన్ హ్యాట్రిక్ అంటారు. కార్డులో కంటికి మెరిసేది అదే మరి. కానీ వికెట్లు పడిన వరుస చూడండి. ఆస్ట్రేలియా ఎనిమిదో వికెట్ 269 దగ్గర పడింది, జట్టు ఆగింది మాత్రం 445 దగ్గర. స్టీవ్ వా సెంచరీ చేస్తే గిలెస్పీ తోడు నిలబడ్డాడు. చివరి రెండు వికెట్లకు 176 పరుగులు వచ్చాయి. హ్యాట్రిక్ గొప్పదే, కానీ మ్యాచ్ దాని దగ్గర తిరగలేదు. ఒక ఘటన తర్వాత ఆట నడక మారకపోతే అది మలుపు కాదు. ఇది నా మొదటి పరీక్ష.

తర్వాత అందరూ వేలుపెట్టి చూపేది లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి చేసిన 376 పరుగుల భాగస్వామ్యం. నాలుగో రోజంతా వికెట్ పడలేదు, స్కోరు 254 నుంచి 589కి చేరింది. కానీ అంత పెద్ద అంకె మలుపు తర్వాత వచ్చిన ఫలితం. మలుపు వెతకాలంటే అది మొదలైన చోటికి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి పోవాలి. గంగూలీ అవుటై ఆ జోడీ కలిసేటప్పటికి స్కోరు 4 వికెట్లకు 232. ఆస్ట్రేలియా ఆధిక్యం 274. అంటే ఇంకా 42 పరుగులు వెనుకబడే ఉన్నాం. ఆ స్థితిలో వాళ్లిద్దరూ క్రీజులో ఎలా కలిశారు?

జవాబు కార్డులోనే ఉంది. అయితే అది అంకెల్లో లేదు, పేర్ల వరుసలో ఉంది. మొదటి ఇన్నింగ్స్‌లో మూడో పేరు ద్రావిడ్, ఆరో పేరు లక్ష్మణ్. రెండో ఇన్నింగ్స్‌లో మూడో పేరు లక్ష్మణ్, ఆరో పేరు ద్రావిడ్. ఇద్దర్నీ అటూ ఇటూ మార్చారు. ఎందుకో కూడా కార్డే చెబుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో ఏడో వికెట్ 97 దగ్గరే పడిపోయింది. 59 కొట్టిన లక్ష్మణ్ చివరగా అవుటయ్యాడు. పరుగులు తీస్తున్న మనిషికి తోడు కరువైంది. కోచ్ జాన్ రైట్ అతణ్ణి ఈసారి ముందు పంపించాడు. అందుకే లక్ష్మణ్ 52 దగ్గర మొదటి వికెట్ పడగానే దిగాడు. గంగూలీతో 117 పరుగులు జోడించాడు. ఆ తర్వాత కూడా అతని కోసం ద్రావిడ్ మిగిలే ఉన్నాడు. ఓటమి తప్పించిన మలుపు ఈ మార్పే.

అయితే ఓటమి తప్పడం, గెలవడం ఒకటి కాదు. అయిదో రోజు టీ సమయానికి ఆస్ట్రేలియా 3 వికెట్లకు 161. డ్రా అయ్యేటట్టే ఉంది. ఆ మూడింటిలో మార్క్ వా వికెట్ తీసింది మన వెంకటపతి రాజు. టీ తర్వాత వరుస చదవండి: 166, 166, 167, 173, 174. ఎనిమిది పరుగుల్లో అయిదు వికెట్లు. స్టీవ్ వా, పాంటింగ్‌లను ఒకే స్కోరు దగ్గర హర్భజన్ పంపేస్తే, గిల్‌క్రిస్ట్, హేడెన్, వార్న్‌లను టెండూల్కర్ ఎల్బీడబ్ల్యూ చేశాడు. అంకెలు దగ్గర దగ్గరగా గుమిగూడిన చోట ఆగి చూడాలి. ఇది రెండో పరీక్ష.

కథ రాసేటప్పుడు టాస్ నుంచి మొదలుపెట్టక్కర్లేదు. పేర్లు మారిన చోట మొదలుపెట్టి, ఎందుకు మారాయో చెప్పడానికి ఎంత కావాలో అంతే వెనక్కి పోయి, అక్కణ్ణుంచి ఆ 166 దాకా నడిపిస్తే చాలు. కార్డు చెప్పనివీ ఉంటాయి. జారిన క్యాచ్, పిచ్ తిరిగిన తీరు, మిగిలిన సమయం అందులో కనిపించవు. టీ సమయానికి స్కోరెంతో నాటి పత్రికలో చూడకపోతే, ఆ అయిదు వికెట్లు డ్రాను గెలుపుగా మార్చాయని తెలియదు. కాబట్టి కార్డు పక్కన ఇంకో సాక్ష్యం ఉండి తీరాలి.

ఇన్నేళ్లు ఇది పిల్లలకు చెప్పిన నేను, మన పుస్తకాన్ని ఒక్కసారీ ఇలా చదవలేదు. మొన్న చదివాను. రనౌట్ ఆఖరి గీత. అది ఫలితం పక్కనే ఉంది కాబట్టి అందరికీ గుర్తుండిపోయింది. దానికి చాలా ముందు, ఆట మన చేతిలో ఉండగా, ఒకే స్కోరు దగ్గర మూడు వికెట్లు పడ్డాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లలో రెండంకెల స్కోరు చేసింది ఒక్కడే. మనం ఇన్నేళ్లూ ఆటపట్టించిన ఆ చివరివాడే. వాడు ఆ పరుగుకు పోకపోతే ఓవర్లు అయిపోయేవి. కండలేరు వైపు నుంచి గాలి ఎంత కొట్టిందో, బంతి ఎంత తిరిగిందో పుస్తకంలో లేదు. అందుకని రెండో సాక్ష్యం కోసం ఆనాటి జట్టులో ఇద్దరికి ఫోన్ చేశాను. "అవున్రా, అప్పుడే పోయింది మ్యాచ్" అన్నారు ఇద్దరూ.

ఒకే స్కోరు దగ్గర పడిన ఆ మూడు వికెట్లలో రెండోది నాది. అడ్డంగా ఊపి బౌల్డయ్యాను. ఆ గీత గీసింది కూడా నేనే, అవుటై వచ్చి మళ్లీ పెన్సిలు పట్టుకుని.

స్వర్ణోత్సవం రోజు ఆ పుస్తకాన్ని ప్రదర్శన బల్ల మీద ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టమని సంఘానికి చెప్పాను. మిత్రుడా, నువ్వు వస్తే ముందు ఆ బల్ల దగ్గరికి రా. నేను అక్కడే ఉంటాను.