ఆరు పదివేలు అరవై వేలేనా?

దసరా ముందు ఆదివారం, విజయవాడ బందరు రోడ్డు. షోరూమ్ గాజు తలుపు తోసుకుని మీరూ వదినా లోపలికి వస్తారు. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకే సముద్రం, ఒకే చేపలు. యాభై అయిదు అంగుళాల టీవీ కింద అట్టముక్క మీద రెండు ధరలున్నాయి. పైనున్న పెద్ద అంకెను కొట్టేశారు. కింద ఎర్ర రంగులో 59,990. పక్కనే పసుపు స్టిక్కర్: నో కాస్ట్ ఈఎంఐ, 6 నెలలు. వదిన చేపల్ని చూడటం లేదు, స్టిక్కర్ని చూస్తోంది.

"నెలకి పదివేలు మేడమ్, ఆరు నెలలు. వడ్డీ రూపాయి కూడా ఉండదు," అంటాడు సేల్స్ కుర్రాడు. మెడలో ట్యాగు, చేతిలో క్యాలిక్యులేటర్.

"పైన ఇంకేమన్నా కట్టాలా?"

"ప్రాసెసింగ్ ఫీజు 299, అంతే మేడమ్. అది కూడా బ్యాంకుదే, మాకు రాదు."

లెక్కకు వీలుగా ధర అరవై వేలనే అనుకుందాం. పది రూపాయల దగ్గర పేచీ ఎందుకు?

కౌంటర్ దగ్గర కార్డు మెషీన్ చేతికొస్తుంది. ఇక్కడ తొందరపడకండి. పిన్ కొట్టే ముందు, ఈఎంఐ వివరాలు తెర మీద పూర్తిగా చూపించమని అడగండి. కుర్రాడు కాస్త విసుక్కున్నా చూపిస్తాడు. వడ్డీ ఏడాదికి 15 శాతం. డిస్కౌంట్ 2,540. లోన్ మొత్తం 57,460. నెల వాయిదా 10,000.

"ఇదేంటి, వడ్డీ లేదన్నావుగా! పదిహేను శాతం కనిపిస్తోంది," అంటుంది వదిన.

"అది మీరు కట్టేది కాదు మేడమ్. ముందే డిస్కౌంట్ ఇచ్చేశాంగా."

కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. ఏ బ్యాంకూ ఆరు నెలలకు ఊరికే అప్పివ్వదు. 57,460 రూపాయలను నెలకు 1.25 శాతం వడ్డీతో ఆరు వాయిదాల్లో తీరిస్తే వాయిదా సరిగ్గా పదివేలు వస్తుంది, మొత్తం వడ్డీ 2,540 అవుతుంది. ఆ 2,540నే టీవీ కంపెనీయో షాపో ముందుగా ధరలోంచి తగ్గించింది. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబర్ 17నే బ్యాంకులకు రాసిన ఉత్తర్వులో సున్నా శాతం వడ్డీ అనేదే లేదంది. కార్డు బాకీల మీద ఇచ్చే ఇలాంటి స్కీముల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో రాబడుతున్నారనీ చెప్పింది. 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో అసలెంత, వడ్డీ ఎంత, ముందిచ్చిన డిస్కౌంట్ ఎంత అన్నది ఈఎంఐగా మార్చకముందే విడివిడిగా చూపాలంది. మీరు అడగ్గానే మెషీన్ తెర మీద ఆ అంకెలు కనిపించాయంటే దాని పుణ్యమే.

కానీ తెర మీద లేనిది ఇంకొకటుంది. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. వడ్డీకి సరిపడా డిస్కౌంట్ ఇచ్చారు గానీ ఆ వడ్డీ మీద పన్నుకి ఎవరూ ఇవ్వలేదు. 2,540 మీద 457 రూపాయలు. అది ఒక్కసారిగా కనిపించదు. మొదటి నెల బిల్లులో 129, తర్వాత 108, అలా తగ్గుతూ ఆఖరి నెల 22. కిరాణా, పెట్రోలు పద్దుల మధ్య ఇంత చిన్న అంకెను వెతికి పట్టుకునేవాళ్లు ఎందరుంటారు? ఇక ఫీజు 299కి జీఎస్టీ కలిపితే 353. అంటే అరవై వేల టీవీకి వదిన చేతి నుంచి పోయేది 60,810.

ఈ 810ని ఏడాది వడ్డీగా మార్చాలి. 810ని అరవై వేలతో భాగిస్తే 1.35 శాతం వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా ఆరు నెలలకు 1.35 కాబట్టి ఏడాదికి 2.7 అనుకుంటారు. రెండూ తప్పే. అరవై వేలూ ఆరు నెలలపాటు వదిన దగ్గర ఉండవు. మొదటి పదివేలు నెలకే వెనక్కి పోతాయి, రెండో పదివేలు రెండు నెలలకు, ఆఖరి పదివేలు మాత్రమే ఆరు నెలలుంటాయి. ఒకటి నుంచి ఆరు దాకా కూడి ఆరుతో భాగిస్తే మూడున్నర. సగటున ఆ డబ్బు మూడున్నర నెలలే వాడుకున్నట్టు. 1.35ని మూడున్నరతో భాగించి పన్నెండుతో హెచ్చవేస్తే 4.6 శాతం.

"నాలుగున్నరేగా, బంగారం లోనుకన్నా నయం," అంటుంది వదిన. నిజమే. లెక్క ఇక్కడితో అయిపోతే ఈ ఆఫర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. బ్యాంకులో ఆరు శాతం పైన వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టి మరీ రొక్కం కట్టడం తెలివితక్కువ పని అవుతుంది.

కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. అది ఈఎంఐ మాట ఎత్తకముందు అడగాల్సింది. ఇప్పుడైనా అడగండి.

"బాబూ, ఈఎంఐ వద్దు. మొత్తం ఒకేసారి కట్టేస్తే ఎంతకిస్తారు?"

కుర్రాడు చుట్టూ చూస్తాడు. "ఆగండి సార్, మేనేజర్‌గారిని అడుగుతా." లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొస్తాడు. "57,000 చేస్తారంట. ఈఎంఐకైతే ఇది రాదు సార్."

ఎందుకు రాదు? ఈఎంఐ అయితే 2,540 రూపాయలు బ్యాంకుకి పోవాలి. ఒకేసారి కడితే ఆ ఖర్చే లేదు, దానికి ఇంకాస్త కలిపి మీకు తగ్గించారు. ప్రతి షాపులోనూ ఇలా జరగదు. కొన్నిచోట్ల ఆ డబ్బు టీవీ కంపెనీ నేరుగా భరిస్తుంది, ఈఎంఐ బిల్లుకి మాత్రమే ఇస్తుంది. అప్పుడు షాపువాడు పైసా తగ్గించలేడు, పాత 4.6 శాతమే నిజమవుతుంది. మీకు దొరికింది ఏ రకమో అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క మొదటికి వస్తుంది. ఈ టీవీ అసలు ధర అరవై వేలు కాదు, 57,000. వదిన నిజంగా వాడుకునే అప్పూ అంతే. కట్టేది మాత్రం 60,810. అదనం 810 కాదు, 3,810. దాన్ని 57,000తో భాగించి, మూడున్నరతో భాగించి, పన్నెండుతో హెచ్చవేస్తే దాదాపు 22.9 శాతం. నోటి లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. కచ్చితంగా కావాలంటే ఫోన్లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక గడిలో ఇది కొట్టండి.

```
=RATE(6,-10135,57000)*12
```

ఆరు అంటే వాయిదాలు. 10,135 అంటే ఫీజూ పన్నూ కలిపి నెలకు సగటున కట్టేది. 57,000 అంటే ఈరోజు కడితే సరిపోయేది. ఎంటర్ కొడితే 0.2257 కనిపిస్తుంది, అంటే ఏడాదికి 22.6 శాతం. ఇదే సూత్రంలో 57,000 తీసి 60,000 పెడితే మళ్లీ 4.6 వస్తుంది. టీవీ అదే, వాయిదా అదే, ఫీజు అదే. రేటు అయిదింతలు కావడానికి ఒక్క ఆఖరి అంకె చాలింది.

మీరు ఫోన్లో తలదూర్చి ఉండగానే పక్క టేబుల్ నుంచి నీలం చొక్కా కుర్రాడు లేచి వస్తాడు. ఫైనాన్స్ కంపెనీ మనిషి. "కార్డెందుకు సార్, మా దగ్గర ఎయిట్ బై టూ స్కీమ్ ఉంది. నెలకి 7,500లే."

అతను చెప్పేది ఓపిగ్గా వినండి. మొత్తం ఎనిమిది వాయిదాలు, అందులో రెండు ఇప్పుడే కట్టాలి, మిగతా ఆరు నెలనెలా. ఫీజు 700, జీఎస్టీతో 826, అదీ ఇప్పుడే. పదివేలకన్నా ఏడున్నర వేలు తేలిగ్గా వినిపిస్తుంది. కానీ 15,000 ముందే ఇచ్చేశాక, ఫీజూ కట్టేశాక, 57,000లో వదినకి నిజంగా అందే అప్పు 41,174 మాత్రమే. దానికి ఆరు ఏడున్నర వేలు, అంటే 45,000 కట్టాలి. సూత్రంలో అంకెలు మారిస్తే 31 శాతం దాటుతుంది. అప్పు మొత్తం తగ్గింది గానీ వదులుకున్న మూడు వేలు తగ్గలేదు, అందుకే రేటు అంతలా లేచింది.

"మా దగ్గర ఏపీఆర్ కూడా రాసిస్తాం సార్," అంటాడతను, కాస్త గర్వంగానే. రాసివ్వాలి కూడా. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పనిసరి, ఫీజులు కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. తప్పకుండా అడిగి తీసుకోండి. కాకపోతే ఆ కాగితానికి తెలిసింది అప్పు సంగతే. షాపు మేనేజర్ లోపల గదిలో ఎంత తగ్గిస్తానన్నాడో దానికి తెలీదు. ఆ మూడు వేలూ మీరే కలుపుకోవాలి.

వదిన ఇంతసేపూ బిల్లు కాగితం వెనక ఏదో రాస్తూ ఉంది. "నా దగ్గర ఒకేసారి 57,000 లేవు, ఈఎంఐ తప్పదు. కానీ ఈ 57,000నే మామూలు ఈఎంఐలో, వడ్డీ పెట్టుకుని కడితే?"

కార్డుతో మొత్తం ఒకేసారి గీకేసి, తర్వాత బ్యాంకు యాప్‌లో ఆ పద్దుని ఈఎంఐగా మార్చుకోవడం. వడ్డీ అదే 15 శాతం, ఫీజు అదే 299 అనుకుని లెక్క వేయండి. వాయిదా 9,920. మొత్తం వడ్డీ 2,520, దానిమీద జీఎస్టీ 454, ఫీజు 353. అన్నీ కలిపి 60,327. వడ్డీ లేదన్న ఈఎంఐకన్నా, వడ్డీ కట్టే ఈఎంఐ 483 రూపాయలు తక్కువ!

ఇందులో మాయ ఏమీ లేదు. ఒకేసారి కడితే షాపు వదిలేది 3,000. నో కాస్ట్‌లో వడ్డీ పేరిట తగ్గించేది 2,540. మొదటిది పెద్దదైతే మామూలు ఈఎంఐ లాభం, రెండోది పెద్దదైతే నో కాస్ట్ లాభం. పక్క షాపులో తగ్గింపు 1,500 దగ్గరే ఆగితే ఈ లెక్క తిరగబడుతుంది.

అయితే గీకే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. 57,000 ధర క్రెడిట్ కార్డుకి కూడా వర్తిస్తుందా, లేక యూపీఐకీ రొక్కానికేనా? షాపువాడికి కార్డు చార్జీ పడుతుంది కాబట్టి మాట మార్చే వీలుంది. ఇంకోటి, యాప్‌లో మార్చుకునేటప్పుడు మీ బ్యాంకు చూపే రేటు పదిహేనేనా? అది బ్యాంకును బట్టి, ఒక్కోసారి మనిషిని బట్టీ మారుతుంది. పద్దెనిమిది అయితే వాయిదా పదివేలు దాటిపోతుంది.

వదిన ఫోన్ తీసి బ్యాంకు యాప్ తెరుస్తుంది. ఈఎంఐ పేజీలో ఆరు నెలలకు 15 శాతమే ఉంది. కుర్రాడి వైపు తిరిగి, "57,000కి కార్డు గీకుతా, ఈఎంఐ నేను చూసుకుంటా. మేనేజర్‌గారు ఒప్పుకుంటారేమో అడిగిరా. స్టాండు, గోడకి బిగింపు కూడా అందులోనే," అంటుంది.